హెయిర్ డై పడక ముఖం వాచిందని కస్టమర్ ఫోన్ చేస్తే.. పార్లర్ వాళ్లు ఏం చేయాలి? ఏం అనకూడదు?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే బందరు, గుడివాడ పార్లర్లలో కుర్చీ ఖాళీ ఉండదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు నుంచి కూడా పని చేయించుకోవడానికి వస్తుంటారు. రాలేనివాళ్ల ఇంటికి బ్యూటీషియన్లే కిట్ బ్యాగు పట్టుకుని వెళ్తుంటారు. అంతా బాగానే జరుగుతుంది. కానీ రెండు రోజుల తర్వాత ఒక వాట్సాప్ ఫొటో వస్తుంది. కళ్లు వాచిపోయి, చెవుల వెనక ఎర్రగా, నుదుటి మీద నీటి పొక్కులు. కింద ఒకటే లైను: "మీరు వేసిన డై వల్లే ఇలా అయింది, ఏం చేస్తారో చెప్పండి."

ఆ మెసేజ్ చూడగానే చాలామంది నోటి నుంచి వచ్చే మాట ఒకటే. "మా దగ్గర ఇంతవరకు ఎవరికీ ఇలా కాలేదండీ, మీరేదో తినుంటారు." మన వైపు అయితే ఆ నింద రొయ్యల మీదకో, వంకాయ మీదకో పోతుంది. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. ఆ ఒక్క మాటతో కస్టమర్ మనసు విరిగిపోతుంది. రేపు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే, ఆ మెసేజే స్క్రీన్‌షాట్‌గా ఎదురుగా నిలబడుతుంది.

మరి ఏం చేయాలి? ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇది అర్థం కావడం కోసం చెప్పుకుంటున్న ఊహే, ఫలానా పార్లర్‌లో జరిగిందని కాదు.

శనివారం డై.. సోమవారం వాపు

నాగాయలంక నుంచి ఒకావిడ బందరులోని ఒక పార్లర్‌కి వచ్చారు. వయసు యాభై దాటింది. మంగళవారం అమ్మాయి పెళ్లి. శనివారం సాయంత్రం నల్ల రంగు డై వేయించుకుని వెళ్లారు. వేస్తున్నప్పుడు మంట లేదు, దురద లేదు. ఆదివారం రాత్రి నుంచి తల దురద మొదలైంది. సోమవారం తెల్లారేసరికి కనురెప్పలు తెరుచుకోలేదు.

"అంత పడకపోతే అప్పుడే తెలిసేది కదా, రెండు రోజుల తర్వాత రావడమేంటి?" అని పార్లర్ వాళ్లకు అనుమానం రావడం సహజమే. కానీ డై అలర్జీ పద్ధతే అది. నల్ల, గోధుమ రంగు డైలలో ఎక్కువగా ఉండేది పారా ఫినైలీన్ డయమీన్ అనే రసాయనం. దాన్నే పొట్టిగా పీపీడీ అంటారు. ఇది పడనివాళ్లలో శరీర రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టి స్పందించడానికి టైం పడుతుంది. అందుకే లక్షణాలు సాధారణంగా ఒక రోజు నుంచి మూడు రోజుల మధ్యలో బయటపడతాయి.

ఇంకో విషయం. ఐదేళ్లుగా అదే డై వేసుకుంటున్నవాళ్లకు కూడా ఆరో ఏట ఉన్నట్టుండి అలర్జీ రావచ్చు. జాతరలో, పెళ్లిలో నల్ల గోరింటాకు కోన్ పెట్టించుకున్నప్పుడు చేతికి దద్దుర్లు వచ్చి ఉంటే, వాళ్ల శరీరం పీపీడీకి అప్పుడే అలవాటు తప్పిందేమో అనుకోవాలి. ఎందుకంటే గోరింటాకు నల్లగా పండటానికి అందులో కలిపేది చాలాసార్లు ఇదే. 'హెర్బల్', 'బ్లాక్ హెన్నా' అని రాసి ఉన్న పొడి ప్యాకెట్లలోనూ ఇది ఉండొచ్చు. ప్యాకెట్ ముందువైపు ఏం రాశారో కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూడాలి.

కాబట్టి సోమవారం ఉదయం ఫోన్ వచ్చినప్పుడు పార్లర్ ఆవిడకు తెలిసింది ఒక్కటే, కస్టమర్‌కి ఏదో అయింది. ఎందుకు అయింది అనేది ఆవిడకు తెలియదు, కస్టమర్‌కీ తెలియదు. ఈ సంగతి గుర్తుంటే జవాబు ఎలా ఉండాలో దానంతట అదే తెలుస్తుంది. బాధ విషయంలో వెనకాడకుండా సారీ చెప్పొచ్చు. కారణం విషయంలో మాత్రం "మా తప్పే" అనీ అనకూడదు, "మాది కాదు" అనీ అనకూడదు.

మొదటి మెసేజ్ ఎలా ఉండాలి?

ముందు ఫోన్ చేయాలి. మాట్లాడాక అదే విషయాన్ని మెసేజ్‌లో పెట్టాలి. ఫోన్‌లో మొదటి ప్రశ్న "బిల్లు ఉందా" అని కాదు, "ఊపిరి బాగానే ఆడుతోందా అక్కా?" అని. పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా అది ఆలస్యం చేసే విషయం కాదు, 108కి ఫోన్ చేయాల్సిందే. డైతో ఇలా ప్రాణం మీదకు రావడం అరుదే. కానీ హెయిర్ బ్లీచ్ పౌడర్‌లో వాడే పర్‌సల్ఫేట్ లాంటివి కొందరికి నిమిషాల్లోనే ఆయాసం తెప్పిస్తాయి. అందుకే అడగడం తప్పనిసరి.

మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

"అక్కా, మీ ఫొటో చూశాను. మీకిలా అయినందుకు నాకు చాలా బాధగా ఉంది. ఊపిరి ఆడటంలో ఇబ్బంది గానీ, పెదాలు, నాలుక వాపు గానీ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయించండి. అవి లేకపోయినా ఈరోజే డాక్టర్ గారికి చూపించండి. శనివారం మీకు వాడిన డై పేరు, బ్యాచ్ నంబర్ ఉన్న ఫొటో పంపిస్తున్నాను, అది డాక్టర్ గారికి చూపించండి. ఎందువల్ల అయిందో ఆయన చూశాక మాట్లాడుకుందాం. సాయంత్రం ఆరింటికి నేనే ఫోన్ చేస్తాను."

ఇందులో నేరం ఒప్పుకోవడం లేదు, తప్పించుకోవడమూ లేదు. డై డబ్బా ఫొటో పంపడం చూసి కొందరు భయపడతారు, "మనమే ఆధారం ఇచ్చినట్టు కదా" అని. నిజానికి డాక్టర్‌కి ముందు కావాల్సింది అదే. దాచిపెట్టారని తర్వాత తేలితే జరిగే నష్టం దానికంటే చాలా పెద్దది.

మరి వైద్యం సంగతి? పార్లర్ వాళ్లు మందు పేరు చెప్పకూడదు. మెడికల్ షాపులో ఫలానా స్టెరాయిడ్ క్రీమ్ కొని కళ్ల చుట్టూ రాయమని చెప్పి, అది వికటిస్తే అప్పుడది రెండో ఫిర్యాదు. తలలో మిగిలిన రంగు పోయేలా గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని షాంపూతో కడుక్కోమని చెప్పడం వరకే హద్దు. "పార్లర్‌కి రండి, ఇంకొంచెం చేతి మీద రాసి చూద్దాం" అని మాత్రం పొరపాటున కూడా అనకూడదు. ఒంట్లో అలర్జీ రగులుతున్నప్పుడు మళ్లీ అదే రసాయనం తగిలించడం ప్రమాదం.

ఆ రోజే రాయాల్సిన కాగితం

ఫోన్ పెట్టేశాక చేయాల్సిన పని రికార్డు. ఇక్కడే చాలా పార్లర్లు చిక్కుల్లో పడతాయి. మన ఊళ్లలో ఎక్కువ చోట్ల ఉండేది ఒక్క డబ్బుల పుస్తకం. "డై - 800" అని ఉంటుంది, అంతే. ఎవరికి ఏ డై వేశారో, ఏ డబ్బాలోదో మూడో రోజుకే గుర్తుండదు.

కస్టమర్ కార్డు ముందే ఉంటే పని సులువు. అందులో తేదీ, డై కంపెనీ, షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, డెవలపర్ ఎంత వాల్యూమ్, ఎన్ని గంటలకు రాశారు, ఎన్ని గంటలకు కడిగారు, ఎవరు వేశారు అన్నవి ఉండాలి. వీటితో పాటు రెండు ప్రశ్నలకు జవాబులు. ఇంతకుముందు డైకి గానీ, నల్ల గోరింటాకుకి గానీ దురద వచ్చిందా? ముందస్తు పరీక్ష ఎప్పుడు చేశారు, ఫలితం ఏంటి?

ఆ ముందస్తు పరీక్ష పార్లర్ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. పీపీడీ ఉన్న డై లేబుల్ మీద ఆ హెచ్చరిక ఉండాలని మన సౌందర్య సాధనాల నిబంధనలే చెబుతున్నాయి. చెవి వెనక గానీ, ముంజేతి లోపలివైపు గానీ కొంచెం రాసి, 24 గంటలు ఆగి చూడాలి. అది కూడా డై వేసే ప్రతిసారీ. చాలా కంపెనీలు ఇప్పుడు 48 గంటలు ఆగమంటున్నాయి. శనివారం వచ్చి శనివారమే వేయించుకుని బస్సెక్కే కస్టమర్‌తో ఇది కుదరదని పార్లర్ వాళ్లు అంటారు, నిజమే. కానీ పరీక్ష చేయలేదన్న నిజాన్ని ఆ తర్వాత ఏ కాగితమూ మార్చలేదు. "పరీక్ష చేశాం" అని సోమవారం కూర్చుని పాత తేదీతో రాయడం అన్నిటికంటే చెడ్డ పని. ఆరు నెలల ఎంట్రీలు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసి ఉంటే ఎవరైనా పట్టేస్తారు. చేయకపోతే "చేయలేదు" అని రాయడమే మేలు.

కార్డు లేకపోయినా సోమవారం తేదీ వేసి, ఉన్నదున్నట్టు ఒక తెల్లకాగితం మీద రాయొచ్చు. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, ఆవిడ అన్న మాటలు ఆవిడ మాటల్లోనే, పంపిన ఫొటోలు, ఇచ్చిన జవాబు. డై వేసిన అమ్మాయి కూడా తనకు గుర్తున్నది విడిగా రాసి సంతకం పెట్టాలి. మిగిలిన డై ట్యూబు, అట్టపెట్టె చెత్తబుట్టలోకి పోకముందే తీసి కవర్‌లో పెట్టి తేదీ రాయాలి. డీలర్ ఇచ్చిన కొనుగోలు బిల్లు దానికి జత చేయాలి. అదే బ్యాచ్ డబ్బాలు ఇంకా ఉంటే వాడటం ఆపి పక్కన పెట్టాలి.

గుడివాడ వైపు పార్లర్లలో ఇంకో అలవాటు కనిపిస్తుంది, నిజానికి అన్ని చోట్లా ఉన్నదే. కస్టమర్ తన ప్యాకెట్ తనే తెచ్చుకుంటుంది, పార్లర్ కూలి మాత్రమే తీసుకుంటుంది. అలాంటప్పుడు కూడా ఆ ప్యాకెట్ ముందూ వెనకా ఒక ఫొటో తీసి ఉంచాలి. ప్యాకెట్ ఆవిడదే అయినా వేసిన చేయి పార్లర్‌ది.

మచ్చ ఎక్కడుంది? అది కూడా రాయాలి

కారణం తేల్చేది డాక్టరే. కానీ మచ్చలు ఎక్కడున్నాయో, ఎప్పుడు మొదలయ్యాయో రాసిపెడితే డాక్టర్‌కి సగం పని అయిపోతుంది. డై రాస్తుండగానే మంట పుట్టి, రంగు తగిలిన చోట మాత్రమే చర్మం కాలినట్టు ఉంటే, అది అలర్జీ కాకపోవచ్చు. డెవలపర్ ఘాటు ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా అలా అవుతుంది. అప్పుడు ప్రశ్న పార్లర్ పనితనం మీదకే వస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగి దురదతో మొదలై, రంగు తగలని కనురెప్పలు, చెవులు, మెడ దాకా పాకితే అలర్జీ అనుమానం బలపడుతుంది.

బందరులో మూడోది కూడా ఉంది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలంటే దేశమంతా పేరు. పెళ్లింట అందరి ఒంటి మీదా గిల్టు నగలు ఉంటాయి. గిల్టు నగల లోహంలో నికెల్ ఉంటే, పైపూత అరిగి చెమట తగిలినప్పుడు కొందరికి అది పడదు. అప్పుడు దద్దురు చెవి తమ్మె మీద, మెడలో గొలుసు ఆనిన చోట, సరిగ్గా గొలుసు ఆకారంలోనే వస్తుంది. నాగాయలంక ఆవిడ ఆదివారం కొత్త బుట్టలు పెట్టుకుని ఉంటే ఆ సంగతి కూడా కాగితంలో ఉండాలి. అలాగని "మీ గిల్టు నగల వల్లే" అని ఫోన్‌లో వాదించడానికి కాదు. అడిగి, రాసి, ఊరుకోవాలి.

వాపు పూర్తిగా తగ్గి కొన్ని వారాలయ్యాక చర్మ వైద్యులు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానం ఉన్న రసాయనాలను కొద్దికొద్దిగా వీపు మీద అతికించి, 48 గంటలకు తీసి చూస్తారు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అందులో పీపీడీ, నికెల్ విడివిడిగా ఉంటాయి కాబట్టి దేనికి పడలేదో తెలుస్తుంది. చెవి వెనక రాసే పార్లర్ పరీక్ష, ఇదీ ఒకటి కాదు.

ఇన్సూరెన్స్ ఉందా? అయితే డబ్బు ఇచ్చేముందు ఆగండి

చిన్న పార్లర్లకు ఇన్సూరెన్స్ ఏంటి అనుకోవద్దు. బ్యాంకు లోన్‌తో షాపు పెట్టినవాళ్లలో చాలామందికి దుకాణదారుల ప్యాకేజీ పాలసీ ఉంటుంది. అగ్నిప్రమాదం, దొంగతనం కోసమని కట్టి మర్చిపోతారు. అందులో పబ్లిక్ లయబిలిటీ అనే భాగం ఉందేమో తీసి చదవాలి. షాపు వల్ల బయటివాళ్లకు గాయమైతే కట్టాల్సిన పరిహారానికి సంబంధించిన భాగం అది.

అయితే ఇందులో మెలిక ఉంది. కస్టమర్ తడి నేల మీద జారిపడితే ఒక లెక్క, డై వేయడం అనే పని వల్ల హాని జరిగితే ఇంకో లెక్క. వృత్తిపరమైన సేవ వల్ల వచ్చే నష్టాన్ని చాలా పాలసీలు పక్కన పెడతాయి. దానికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ లాంటి కవర్ విడిగా ఉండాలి. దివిసీమలో ఇళ్లకు వెళ్లి పని చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పాలసీ షాపు అడ్రస్‌కే పరిమితమైతే, కోడూరులో పెళ్లింట జరిగినదానికి అది పనికిరాకపోవచ్చు.

కవర్ ఉందో లేదో తేలకపోయినా సోమవారమే కంపెనీకి తెలియజేయాలి. లయబిలిటీ పాలసీల్లో మామూలుగా రెండు షరతులు ఉంటాయి. ఒకటి, విషయం తెలిసిన వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. రెండు, కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, పరిహారం ఇస్తానని మాటివ్వడం చేయకూడదు. "అక్కా, హాస్పిటల్ ఖర్చంతా నాదే" అని మంచి మనసుతో అన్న మాట కూడా రేపు క్లెయిమ్‌కి అడ్డం పడొచ్చు. ఏజెంట్‌కి ఫోన్ చేసి చెప్పడం ఒక్కటే చాలదు. కంపెనీ మెయిల్‌కి పాలసీ నంబర్, తేదీ, ఏం జరిగింది, కస్టమర్ ఏం అడుగుతున్నారు అన్నది నాలుగు లైన్లలో రాసి, అందినట్టు జవాబు తీసుకోవాలి.

ఈలోగా కస్టమర్‌కి ఏం చెప్పాలి? ఉన్నమాటే. "ఖర్చుల విషయం మా ఇన్సూరెన్స్ వాళ్లకు రాశాను అక్కా, వాళ్లు చెప్పేదాకా నేను మాట ఇవ్వలేను. మీ బిల్లులు, చీటీలు మాత్రం జాగ్రత్తగా ఉంచండి" అని. పాలసీ అసలు లేకపోతే ఆ అడ్డు లేదు. డై వేసిన డబ్బు వెనక్కి ఇవ్వొచ్చు, డాక్టర్ ఫీజు పెట్టుకోవచ్చు. కాకపోతే ఎంత, దేనికి, ఏ తేదీన ఇచ్చారో రాసుకోవాలి, ఫోన్‌పే లాంటి దాంట్లో పంపితే ఇంకా మంచిది. "డబ్బులిస్తాను, రివ్యూ తీసేయండి" అనే బేరం మాత్రం వద్దు. అది చూసేవాళ్లకు తప్పు కప్పిపుచ్చుకున్నట్టే ఉంటుంది.

కమిషన్ దాకా వెళ్తే?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే పార్లర్ పని కూడా సేవే. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది. కస్టమర్ తను ఉండే చోటి నుంచే వేయొచ్చు. కృష్ణా జిల్లా కమిషన్ మచిలీపట్నంలోనే ఉంది. నోటీసు వస్తే పార్లర్ 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు. ఆ కాగితం అందిన రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి, లాయర్‌కి పంపాలి. గోడ మీద "అలర్జీలకు మాకు బాధ్యత లేదు" అని బోర్డు పెట్టుకున్నాం కదా అంటే, ఆ బోర్డు కస్టమర్ హక్కును తీసేయదు.

కాగితాల విలువ ఎంతో చెప్పడానికి ఢిల్లీ కేసు ఒకటి చాలు. ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో జుట్టు పాడుచేశారన్న ఫిర్యాదులో 2021లో జాతీయ కమిషన్ 2 కోట్ల పరిహారం ఇమ్మంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, సేవాలోపం జరిగిందన్న నిర్ణయం జోలికి వెళ్లలేదు. అంత మొత్తానికి ఆధారాలేవని మాత్రం అడిగి కేసును వెనక్కి పంపింది. అంటే కాగితం అవసరం పార్లర్‌కే కాదు, కస్టమర్‌కీ ఉంది.

ఆరింటికి ఫోన్ చేస్తానన్నారు కదా..

చేయాలి. ఆరున్నరకు కాదు. చాలా ఫిర్యాదులు ముదిరేది డై వల్ల కాదు, తర్వాత ఫోన్ ఎత్తకపోవడం వల్ల. సోమవారం సాయంత్రం ఒకసారి, మంగళవారం పెళ్లి కాబట్టి ఫోన్ కాకుండా "వాపు ఎలా ఉందక్కా" అని ఒక మెసేజ్, గురువారం ఒకసారి, వారం తర్వాత ఒకసారి. మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. ఓనరమ్మ ఒకలా, పనిచేసే అమ్మాయి ఇంకోలా చెబితే కథ మారిపోతుంది. ఆవిడ "ఇక ఫోన్ చేయొద్దు" అంటే ఆపేయాలి, ఆ మాట కూడా తేదీ వేసి రాసుకోవాలి.

ఈలోగా ఆవిడ కొడుకు గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టి రాశాడనుకుందాం. అక్కడ ఆవిడ పేరు, ఆరోగ్యం, ఏ డై వేశారు అన్నవి ఏవీ రాయకూడదు. "మీ ఇబ్బంది మా దృష్టికి వచ్చింది, మీ కుటుంబంతో నేరుగా మాట్లాడుతున్నాం" అంటే చాలు. ఆవిడ పంపిన ఫొటో పార్లర్ గ్రూపులో "చూశారా ఎలా అయిందో" అని తిప్పడం అంతకంటే పెద్ద తప్పు.

డై డబ్బా మీద ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌కి కూడా బ్యాచ్ నంబర్‌తో విషయం చెప్పి, ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. డబ్బా నకిలీదని అనుమానం ఉంటే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పొచ్చు, సౌందర్య సాధనాలు కూడా వాళ్ల పరిధిలోనివే.

నెలన్నర తర్వాత ఆవిడ ప్యాచ్ టెస్ట్‌లో పీపీడీ పడదని తేలిందనుకుందాం. అప్పుడు కార్డు మీద ఎర్ర పెన్నుతో "పీపీడీ పడదు" అని రాయాలి. ఆవిడకీ ఆ పేరు ఒక చీటీ మీద రాసివ్వాలి, ఎందుకంటే వచ్చే ఏడాది ఆవిడ వెళ్లేది ఈ పార్లర్‌కే అని ఏమీ లేదు. పీపీడీ లేదని చెప్పే డైలలో దాని చుట్టంలాంటి రసాయనాలు వాడతారు. అవి కూడా కొందరికి పడవు. కాబట్టి "ఈసారి వేరే కంపెనీది వేద్దాం లెండి అక్కా" అనే ముందు డాక్టర్ ఏమన్నారో అడగాలి.